జాబ్ చేస్తూ గ్రూప్-2: 600 మార్కులకు 720 గంటల లెక్క

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, గచ్చిబౌలిలో జాబ్ చేస్తున్నా, గ్రూప్-2 కొట్టాలని ఉంది, రిజైన్ చేసి చదవమంటారా?" కొండాపూర్ హాస్టల్స్ నుంచి, చందానగర్ రూముల నుంచి, నానక్‌రామ్‌గూడలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్ల దగ్గర నుంచి ఇదే ప్రశ్న వచ్చింది. ఈరోజు దీనికి లెక్కలు వేసి జవాబు చెప్తాను. మోటివేషన్ వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలు ఉన్నాయి, మనం క్యాలెండర్ చూద్దాం.

తెలంగాణలో చివరిగా పూర్తయిన గ్రూప్-2 తీసుకోండి. నోటిఫికేషన్ నంబర్ 28/2022, 783 పోస్టులు. వచ్చింది 2022 డిసెంబర్ 29న. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు. అది నవంబర్ 2, 3కి పోయింది. అక్కడి నుంచి 2024 జనవరి 6, 7. మళ్లీ వాయిదా, ఆగస్టు 7, 8 అన్నారు. అదీ పోయింది. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. అంటే నాలుగు వాయిదాలు. నోటిఫికేషన్‌కూ పరీక్షకూ మధ్య దాదాపు రెండేళ్లు. ర్యాంకుల లిస్టు 2025 మార్చిలో, తుది ఎంపిక సెప్టెంబర్ చివర్లో వచ్చాయి. నియామక పత్రాలు అక్టోబర్ 18న ఇచ్చారు. ఎక్కడ ఇచ్చారో తెలుసా? మన మాదాపూర్ శిల్పకళా వేదికలో. మీలో చాలామంది రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకు పోతుంటారు.

నోటిఫికేషన్ నుంచి చేతికి లెటర్ వచ్చేదాకా దాదాపు 34 నెలలు. ఇప్పుడు మీ ఖర్చు వేసుకోండి. హాస్టల్, ఫోన్, బస్సు, టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి నెలకు 15 వేలు అనుకుందాం. 34 నెలలకు 5 లక్షల 10 వేలు. ఇది ఖర్చు మాత్రమే, వదులుకున్న జీతం ఇందులో లేదు. నోటిఫికేషన్ రాగానే రిజైన్ చేసినవాళ్లకు మొదటి తేదీ వరకు, అంటే ఎనిమిది నెలలకు సరిపడా డబ్బు ఉండి ఉంటుంది. రెండో వాయిదాకే అది అయిపోతుంది. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి నాన్నను అడగాలి, లేదా మళ్లీ ఇంటర్వ్యూలకు తిరగాలి. రెజ్యూమేలో గ్యాప్ ఎందుకొచ్చిందని హెచ్ఆర్ అడుగుతారు. చదువు ఆగేది సిలబస్ కష్టమై కాదు, సరిగ్గా ఈ చోట.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నా. పరీక్ష తేదీ మీద నమ్మకంతో రిజైన్ చేయకండి. రాజీనామా బదులు చివరి ఆరు వారాలకు సెలవులు కూడబెట్టుకోండి. ఎర్న్‌డ్ లీవ్ ఎంత ఉంది, జీతం లేని సెలవు ఎన్ని రోజులు ఇస్తారు అనేది మీ మేనేజర్‌ని కాదు, ముందు కంపెనీ పాలసీ పేజీని అడగండి. మేనేజర్‌కి ఆరు నెలల ముందే "గ్రూప్స్ రాస్తున్నా" అని చెప్పాల్సిన పని లేదు, అది మీ ఇష్టం. ఇంట్లో రెండేళ్లు ఆదుకోగల పరిస్థితి ఉంటే, అది కూడా నోటితో కాకుండా కాగితం మీద తేలితే, అప్పుడు రిజైన్ గురించి ఆలోచించవచ్చు. అలాంటివాళ్లు మన వ్యూయర్స్‌లో తక్కువ.

సరే, జాబ్ ఉంచుకున్నాం. మరి టైమ్ ఎక్కడిది?

ముందు పరీక్ష ఎంత పెద్దదో చూడాలి. నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. మొత్తం 600. ఇంటర్వ్యూ లేదు. ఈ మాట నొక్కి ఎందుకు చెప్తున్నానంటే, పాత గ్రూప్-2లో రాతపరీక్ష 600కు తోడు ఇంటర్వ్యూ 75 ఉండేది, మొత్తం 675. ఇంటర్వ్యూలు 2022లోనే తీసేశారు. ఇప్పటికీ "675 మార్కుల వ్యూహం" అని ఎవరైనా ప్లాన్ పంపితే, ఆ ప్లాన్ రాసినవాళ్లు నోటిఫికేషన్ తెరిచి చూడలేదని అర్థం. మిగతా వివరాలూ అలాగే ఉంటాయి. ఆ ఫైలు మూసేయండి.

మొదటి పేపర్ జనరల్ స్టడీస్. రెండోది చరిత్ర, రాజ్యాంగం, సమాజం. మూడోది ఎకానమీ. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. రెండు, మూడు, నాలుగు పేపర్లలో ఒక్కోదానికి మూడు భాగాలు, భాగానికి 50 మార్కులు. మొదటి పేపర్‌ని కూడా మన సౌకర్యం కోసం మూడు 50లుగా చూడండి. అంటే 600 మార్కులు అనేవి 12 ముక్కలు, ముక్కకు 50. ఈ బొమ్మ మనసులో ఉంటే ప్లాన్ వేయడం ఈజీ.

ఇప్పుడు గంటలు. ఒక తమ్ముడి కేసు తీసుకుందాం. సొంతూరు నల్గొండ వైపు, ఇక్కడ టెస్టింగ్ జాబ్, నల్లగండ్లలో రూము. ఆఫీసు 11 నుంచి 8 దాకా. నాకు పంపిన ప్లాన్‌లో రోజుకు ఆరు గంటలు రాసుకున్నాడు. నేను అడిగింది ఒక్కటే: పోయిన వారం నిజంగా ఎన్ని గంటలు కూర్చున్నావు? ఫోన్‌లో టైమర్ పెట్టి ఒక వారం కొలిచాడు. వీక్‌డేస్‌లో పొద్దున రెండు గంటలు నిలిచాయి. రాత్రిది నిలవలేదు, తిన్నాక నిద్ర. శని, ఆదివారాల్లో రోజుకు ఐదు దాకా వచ్చింది, బట్టలు ఉతుక్కోవడం, ఊరి నుంచి ఎవరో రావడం పోను. అంటే ఐదు రోజులకు పది, వీకెండ్ పది. అందులో ఒక రెండు గంటలు ఏదో ఒకటి తినేస్తుంది. నికరంగా వారానికి 18.

ఏడాదిలో 52 వారాలు ఉన్నా 40 వారాలే లెక్కలోకి తీసుకోండి. రిలీజ్ వారం, దసరా, సంక్రాంతి, అక్క పెళ్లి, జ్వరం, వీటికి 12 వారాలు పోతాయి. పోకపోతే లాభమే. 18 ఇంటూ 40, 720 గంటలు. ఇదీ ఉద్యోగం చేసేవాళ్ల దగ్గర ఏడాదికి ఉండే సరుకు.

ఇందులో మూడో వంతు, 240 గంటలు, రివిజన్‌కీ టెస్టులకీ ముందే పక్కన పెట్టేయండి. మిగిలింది 480. పన్నెండు ముక్కలు కదా, ముక్కకు 40 గంటలు. అంతే ప్లాన్. 50 మార్కుల భాగానికి మొదటి చదువు 40 గంటలు, అంటే రెండు వారాలు దాటి రెండు మూడు రోజులు. పాలిటీ మీద ఇష్టం ఉందని దానికి 90 గంటలు పెడితే ఇంకో ముక్క మొత్తం ఆకలితో చస్తుంది. 40 దాటుతోందంటే ఆపి తర్వాతి దానికి వెళ్లండి, మిగిలింది రివిజన్‌లో చూసుకుందాం.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "అశోక్‌నగర్‌లో ఉన్నవాళ్లు రోజుకు పది గంటలు చదువుతారు, 720తో వాళ్లతో పోటీ ఎలా?" న్యాయమైన ప్రశ్నే. ఈ గ్రూప్-2కి ఐదున్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో సగం మంది కూడా నాలుగు పేపర్లూ రాయలేదు. మొదటి ర్యాంకుకు వచ్చింది 447 చిల్లర, 600కి. అంటే అందరికన్నా ముందున్నవాళ్లకు కూడా 150 మార్కుల పైన పోయాయి. ఈ పరీక్షలో అన్నీ తెలియడం అనేది లేదు. సిలబస్‌లో ఉన్నది గట్టిగా తెలియాలి. పది గంటలు కూర్చొని సిలబస్‌లో లేనిది చదివేవాళ్లు లైబ్రరీలో చాలామంది ఉంటారు. అలాగని 720 గంటలతో తప్పకుండా వస్తుందని నేను అనను. పోస్టులు 783, రాసింది దాదాపు రెండున్నర లక్షల మంది. మొదటి ఏడాదితో పోటీలోకి వస్తారు, గెలుపుకి ఇంకో విడత పట్టవచ్చు. జాబ్ ఉంచుకోమన్నది అందుకే.

వీకెండ్‌లో అశోక్‌నగర్ కోచింగ్‌కి పోవాలా అని కూడా అడుగుతున్నారు. శేరిలింగంపల్లి నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే. ట్రాఫిక్‌లో పోను రాను మూడు గంటలు. రెండు రోజులకు ఆరు గంటలు, అంటే మీ 18లో మూడో వంతు. క్లాస్ ఎంత బాగున్నా ఈ ధరకు నేను కొనను. ఒక నెల మొత్తానికి ఒక్కసారి వెళ్లి, అక్కడి షాపుల్లో పుస్తకాలు తెచ్చుకుంటే చాలు.

ఇప్పుడు అసలు పని. ఒక ముక్కను 40 గంటల్లో ఎలా చదవాలి? నాలుగో పేపర్ మొదటి భాగం తీసుకుంటున్నా. దాని పేరు "తెలంగాణ భావన, 1948 నుంచి 1970". పేరు చూసి చాలామంది 1948లో మొదలుపెట్టి 1970లో ఆపేస్తారు. దయచేసి కింద ఉన్న లైన్లు చదవండి. సాలార్‌జంగ్ పాలనా సంస్కరణలు ఉన్నాయి, అది 19వ శతాబ్దం. ఏడో నిజాం 1919 ఫర్మానా ఉంది. 1935 ముల్కీ లీగ్ ఉంది. అటు చివర ఇందిరాగాంధీ ఐదు సూత్రాల పథకం ఉంది, అది 1972 నవంబర్‌ది. హెడ్డింగ్‌లో ఉన్న సంవత్సరాలు కంచె కాదు, బోర్డు మాత్రమే. సిలబస్ చదవడం అంటే హెడ్డింగ్ చదవడం కాదు, కింది లైన్‌లో కామాకీ కామాకీ మధ్య ఉన్న ప్రతి మాటనీ ఒక ప్రశ్నగా చూడటం.

ఈ భాగంలో ఐదు యూనిట్లు ఉన్నాయి. 40 గంటలు, యూనిట్‌కి ఎనిమిది. మొదటి రోజు పుస్తకం తెరవకండి. యూనిట్ లైన్లను నోట్‌బుక్‌లో ఎడమవైపు రాసి, కుడివైపు ఖాళీ వదలండి. తర్వాత తెలుగు అకాడమీ పుస్తకం గానీ, మీ దగ్గరున్న ఇంకో ప్రామాణిక పుస్తకం గానీ తీసి, ప్రతి మాటకూ నాలుగు సంగతులు నింపండి: ఏ సంవత్సరం, ఎవరు, ఎందుకు, దాని వల్ల ఏమైంది. ఎడమవైపు మాటకు పుస్తకంలో ఏమీ దొరక్కపోతే ఆ పుస్తకం ఆ యూనిట్‌కి చాలదు. పుస్తకంలో ఇరవై పేజీలు ఉండి ఎడమవైపు దాని మాటే లేకపోతే ఆ ఇరవై పేజీలు వదిలేయండి. ఎంత ఆసక్తిగా ఉన్నా సరే.

ఒక దారం పట్టుకొని చూపిస్తాను, ముల్కీ దారం. ముల్కీ అంటే స్థానికుడు. 1919లో నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో ఉద్యోగానికి ముల్కీ అయి ఉండాలి, బయటి నుంచి వచ్చినవాళ్లకు 15 ఏళ్ల నివాసం కావాలి. 1948లో రాజ్యం యూనియన్‌లో కలిసింది. మిలిటరీ పాలన, ఆ తర్వాత వెల్లోడి పాలన కాలంలో బయటివాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చారు, కొందరు తప్పుడు ముల్కీ సర్టిఫికెట్లతో వచ్చారన్న ఆరోపణలు లేచాయి. 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా విద్యార్థులు ఆందోళనకు దిగారు. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, దాని మీద జస్టిస్ జగన్మోహన్ రెడ్డి కమిటీ వేశారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం. అక్కడ నివాసం 12 ఏళ్లు అన్నారు. చూశారా, ఫర్మానాలో 15, ఒప్పందంలో 12. ప్రశ్న పుట్టే చోటు ఇదే. రెండు అంకెలూ తెలిసిన వాళ్లు కూడా ఏది దేనిదో తికమకపడతారు.

తర్వాత ఆ రక్షణలు అమలు కాలేదన్న కోపం. కొత్తగూడెం, పాల్వంచ వైపు నిరసన, రవీంద్రనాథ్ నిరాహార దీక్ష, 1969 జనవరిలో జీవో 36. ఏప్రిల్‌లో ఎనిమిది సూత్రాల పథకం. మొదటి భాగంలో ఉద్యోగాల కథ ఇక్కడి దాకా, ఇంకా ఐదు సూత్రాల పథకం దాకా నడుస్తుంది. కానీ దారం తెగదు. రెండో భాగంలోకి పోతే 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. దానికి అటువైపు జై ఆంధ్ర ఉద్యమం. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ తర్వాత రాజ్యాంగంలోకి 371-డి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30న జీవో 610. మూడో భాగంలో 2001 గిర్‌గ్లానీ కమిషన్, ఆ జీవో అమలైందా లేదా అని చూడటానికి వేసినది. ఒకే ప్రశ్న, "ఈ ఉద్యోగం ఎవరిది?" అనేది, మూడు భాగాల్లోనూ నడుస్తోంది.

అందుకే నాలుగో పేపర్‌ని మూడు భాగాలూ వరుసగా, మధ్యలో వేరే పేపర్ దూర్చకుండా చదవండి. 120 గంటలు, దాదాపు ఏడు వారాలు. వరుసలో పెట్టమనే ప్రశ్న వచ్చినప్పుడు సంవత్సరం మరిచిపోయినా, దేని తర్వాత ఏది జరగాలో కారణం గుర్తుంటే జవాబు పట్టుకోవచ్చు. ఎనిమిది సూత్రాలు, ఐదు సూత్రాలు, ఆరు సూత్రాలు అని అంకెలు బట్టీ పడితే పరీక్ష హాల్లో మూడూ కలిసిపోతాయి. 1969 గొడవకి ఎనిమిది, 1972 కోర్టు తీర్పు తర్వాతి గొడవకి ఐదు, అదీ ఎవరినీ ఒప్పించకపోతే 1973లో ఆరు. ఇలా పెట్టుకుంటే నిలుస్తుంది.

చదివింది నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది? వారం తర్వాత ఎడమవైపు మాటలు మాత్రమే కనిపించేలా కుడివైపు మూసి, తెల్లకాగితం మీద రాయండి. పదిలో ఏడు వస్తే ముందుకు పోండి. నాలుగే వస్తే రెండోసారి మొత్తం చదవొద్దు, రాని ఆరు మాత్రమే చదవండి. హైలైటర్ పూసిన పేజీ చూసి "ఇది తెలుసు" అనిపించడం మోసం, ఖాళీ కాగితం మోసం చేయదు.

ఈ ముల్కీ కథ సిలబస్ మాత్రమే అనుకోకండి, మీ అప్లికేషన్ ఫారంలో కూడా ఉంది. 1975 ఉత్తర్వుల స్థానంలో తెలంగాణకి 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు. ఆ పోస్టుల్లో 95 శాతం లోకల్ అభ్యర్థులకు. లోకల్ అంటే ఇప్పుడు మీరు మియాపూర్‌లో ఉంటున్నారా, ఆధార్ మీద గచ్చిబౌలి అడ్రస్ ఉందా అని కాదు. 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. పాత పద్ధతిలో 4 నుంచి 10 దాకా చూసేవాళ్లు, కొందరు ఇంకా అదే పట్టుకొని ఉన్నారు. శేరిలింగంపల్లిలో సగం మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లం. గుంటూరులో ఏడో తరగతి దాకా చదివి, ఇంజనీరింగ్ నుంచి ఇక్కడే పదేళ్లుగా ఉన్నా, ఈ లెక్కలో లోకల్ కాదు. ఆ 5 శాతం ఓపెన్ కోటాలో పోటీ పడాలి, దానికి లోకల్ వాళ్లు కూడా పోటీయే. 720 గంటలు పెట్టే ముందు ఈ ఒక్క విషయం తేల్చుకోండి. లోకల్ అయినవాళ్లు కూడా ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడే 1 నుంచి 7 దాకా స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. ప్రైవేట్ స్కూల్స్ మూతపడితే అవి తెచ్చుకోవడం ఎంత కష్టమో సర్టిఫికెట్ వెరిఫికేషన్ అప్పుడు గానీ తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ అయినవాళ్లకు ఏపీపీఎస్సీ గ్రూప్-2 ఉంది. కానీ అది వేరే పరీక్ష అని గుర్తుంచుకోండి. అక్కడ ముందు 150 మార్కుల స్క్రీనింగ్, తర్వాత మెయిన్స్ రెండు పేపర్లు, ఒక్కోటి 150. తెలంగాణ ఉద్యమం పేపర్ లేదు, ఆంధ్ర చరిత్ర ఉంది. "రెండు రాష్ట్రాల గ్రూప్-2కి ఒకే ప్లాన్" అని అమ్మేవాళ్లు రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు.

ఇంకో పెద్ద తేడా మైనస్ మార్కులు. ఏపీలో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. తెలంగాణ గ్రూప్-2లో మైనస్ లేదు. దీని లెక్క చూడండి. నాలుగు ఆప్షన్లు ఉన్న ప్రశ్నను గుడ్డిగా పెడితే నాలుగింటిలో ఒకటి తగులుతుంది. ఏపీలో ఒకటి తగిలి ఒక మార్కు వస్తే, మిగతా మూడు తప్పులకు ఒక మార్కు పోయి చేతిలో సున్నా. తెలంగాణలో 40 ప్రశ్నలు అసలు తెలియకపోయినా, అన్నీ బబుల్ చేస్తే సగటున పది మార్కులు. నాలుగు పేపర్లకు కలిపితే 40. ఒక ముక్క మొత్తం చదివి తెచ్చుకునే మార్కులవి. కాబట్టి ఇక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. చివరి ఐదు నిమిషాలు దీనికే దాచుకోండి.

బబుల్ అన్నాను కాబట్టి ఓఎంఆర్ గురించి ఒక మాట. ఈ గ్రూప్-2లో నాలుగు పేపర్లూ రాసినవాళ్లలో 13 వేల మందికి పైగా ర్యాంకుల లిస్టులోకే రాలేదు, చెల్లనివిగా తీసేశారు. హాల్ టికెట్ నంబర్, ప్రశ్నపత్రం నంబర్ తప్పుగా బబుల్ చేస్తే షీటు చెల్లదని సూచనల్లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద పనిచేసే మనకి పెన్ను పట్టి 150 గుండ్రాలు నింపే అలవాటు పోయింది. అందుకే మాక్ టెస్ట్ ఫోన్‌లో రాయకండి. ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించుకొని, ఆదివారం పొద్దున 10 నుంచి 12:30 ఒక పేపర్, మధ్యాహ్నం 3 నుంచి 5:30 ఇంకోటి రాయండి. అసలు పరీక్ష టైమింగ్ అదే. 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు, బబ్లింగ్‌తో కలిపి. అయ్యాక మొత్తం మార్కులు చూసి ఊరుకోకండి, మధ్యాహ్నం పేపర్‌లో చివరి 30 ప్రశ్నల్లో ఎన్ని తప్పాయో విడిగా లెక్కపెట్టండి. మొదటి 30లో కంటే బాగా ఎక్కువ తప్పితే చదువు లోపం కాదు, అలసట. ఇంకో పుస్తకం కొంటే అది తగ్గదు. ఇంకో రెండు ఆదివారాలు ఇలాగే రాస్తే తగ్గుతుంది.

మూడో పేపర్ గురించి వేరే ఎపిసోడే కావాలి, ఇప్పటికి ఒక్క హెచ్చరిక. చరిత్ర పాతబడదు, ఎకానమీ పాతబడుతుంది. పుస్తకం మీద "తాజా ఎడిషన్" అని ఉంటే నమ్మకండి, లోపల జిల్లాలు ఎన్ని అని రాశారో చూడండి. పది జిల్లాలు 2016 దసరాకి 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటతో 33 అయ్యాయి. ఎక్కడో ఒక టేబుల్‌లో 31 కనిపిస్తే ఆ చాప్టర్ అంకెలన్నీ పాతవే. అంకెల కోసం ప్రభుత్వం ప్రతి ఏడాది బడ్జెట్‌తో పాటు ఇచ్చే సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ చూడండి, ఉచితంగా పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో తలసరి ఆదాయంలో ముందుండే జిల్లా రంగారెడ్డి. శేరిలింగంపల్లి మండలం ఉన్నది ఆ జిల్లాలోనే. మన ఆఫీసు బిల్డింగులే ఆ అంకెకి పెద్ద కారణం. పరీక్ష తేదీ తెలిసే వరకు ఈ అంకెలు బట్టీ పట్టకండి, పరీక్ష ముందు వచ్చే ఔట్‌లుక్‌లో అవి మారతాయి. ముందు భావనలు చదవండి, అంకెలు చివరి రెండు నెలల్లో.

వాయిదా పడితే ఏం చేయాలన్నదీ ఈ లెక్కలోనే ఉంది. తేదీ లేనప్పుడు వారానికి 18 గంటల గేరులోనే నడవండి. తేదీ వచ్చి, హాల్ టికెట్లు కూడా వచ్చే దశలో సెలవులు వాడండి. వాయిదా పడిందని తెలిసిన రోజే ఆ సెలవు క్యాన్సిల్ చేసుకొని ఆఫీసుకు పోండి. ఆ మధ్యలో గ్రూప్-3 ఉంటే తప్పక రాయండి. దాని మూడు పేపర్లూ గ్రూప్-2 మొదటి మూడు పేపర్ల పేర్లతోనే ఉంటాయి. 2024లో గ్రూప్-3 నవంబర్ 17, 18న, గ్రూప్-2 సరిగ్గా నాలుగు వారాల తర్వాత జరిగాయి. అసలు పరీక్ష హాల్లో, అసలు ఓఎంఆర్ మీద రాసే మాక్ టెస్ట్ ఎక్కడా డబ్బులకు దొరకదు.

ఈ వారం పని చెప్పి ఆపేస్తాను. tgpsc.gov.in లోకి వెళ్లి 28/2022 నోటిఫికేషన్ పీడీఎఫ్ దింపుకోండి. సిలబస్ చివర్లో, అనుబంధంలో ఉంటుంది. ఆ పేజీలు మాత్రమే ప్రింట్ తీయండి, లింగంపల్లి స్టేషన్ దగ్గర ఏ జిరాక్స్ షాపులోనైనా అయిపోతుంది. కొత్త నోటిఫికేషన్ వచ్చినరోజు దాని అనుబంధాన్ని ఈ ప్రింట్ పక్కన పెట్టి లైన్ లైన్ పోల్చండి, మారిన చోట కొత్తదే లెక్క. ఇంకా ఫోన్ టైమర్‌తో ఈ ఏడు రోజులు నిజంగా ఎన్ని గంటలు కూర్చున్నారో రాసి కింద కామెంట్‌లో పెట్టండి. షిఫ్ట్ టైమింగ్ కూడా రాయండి. నైట్ షిఫ్ట్ వాళ్లకు 18 రాదు, 12 దగ్గర ఆగుతుందని నాకు అనిపిస్తోంది. మీ అంకెలు చూసి, 12 గంటల వాళ్లకు ఏ ముక్క ముందు, ఏది తర్వాత అనేది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడదాం.